పదికి నాలుగు ఎందుకు? - ఒక విద్యార్థిని ఉత్తరం చెప్పే పాఠం

దాతలు, పెద్దలు బడికి వచ్చినప్పుడు పిల్లలను సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని మార్కులు వచ్చాయి?" ఆ మార్కు ఎక్కడ తగ్గిందో, ఎందుకు తగ్గిందో పిల్లలకు తెలుసా అని అడిగేవారు తక్కువ. ఆ మాట నాకు గుర్తు చేసింది ఏ శిక్షణ తరగతీ కాదు, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి రాసిన అరపేజీ ఉత్తరం.

ఆ సంవత్సరం వర్షాకాలంలో డెంగీ జ్వరంపై పోస్టరు వేయమని సైన్సు ప్రాజెక్టు ఇచ్చాను. మొత్తం పది మార్కులు. దేనికి ఎన్ని మార్కులో తరగతిలో చెప్పి నోటుబుక్కులో రాయించాను. విషయం సరిగా ఉన్నందుకు 4, దూరం నుంచి చదవగలిగేలా ఉన్నందుకు 2, బొమ్మ విషయానికి తగినట్లు ఉన్నందుకు 2, చూసినవారు ఏం చేయాలో స్పష్టంగా చెప్పినందుకు 2. కానీ దిద్దేటప్పుడు ఈ నాలుగు అంశాలనూ విడివిడిగా వేయలేదు. యాభైకి పైగా పోస్టర్లు ఉన్నాయి, సాయంత్రం అవుతోంది. ప్రతిదాని మూలన ఎర్ర సిరాతో ఒక అంకె, కింద ఒక మాట రాసుకుంటూ పోయాను. ఆ అమ్మాయి పోస్టరుపై "4/10, ఇంకా బాగా చేయాలి" అని రాశాను.

మర్నాడు ఒక చీటీ తెచ్చి ఇచ్చింది: "సార్, నాకు పదికి నాలుగే వేశారు. మూడు రోజులు కష్టపడి వేశాను. నా పక్కన కూర్చునే అమ్మాయికి ఎనిమిది వేశారు. నాకెందుకు తక్కువ వేశారో చెప్పండి."

"ఇంకా శ్రద్ధగా వేయాలమ్మా" అని చెప్పి పంపేశాను. నా జవాబు సరైనది కాదు. అయితే ఆ చీటీలోనూ ఒక లోపం ఉంది. అందులో ఉన్నవి మూడు సంగతులు: తన కష్టం, పక్క అమ్మాయి మార్కు, తన బాధ. మూడూ నిజమే కావచ్చు. కానీ పోస్టరును ముందు పెట్టుకుని చూసి చెప్పగలిగిన ప్రశ్న ఒక్కటీ అందులో లేదు. ఎంత కష్టపడిందో కాగితంపై కనిపించదు. పక్క అమ్మాయి మార్కు గురించి మాట్లాడితే ఆ అమ్మాయి పని గురించి చెప్పాలి, ఈమె పని గురించి కాదు. ఇలాంటి ప్రశ్నకు ఉపాధ్యాయుడు ఇచ్చే జవాబు ఓదార్పో మందలింపో అవుతుంది తప్ప కారణం కాదు.

రెండు రోజుల తర్వాత మరో ఉత్తరం ఇచ్చింది. ఇంటర్ చదివే వాళ్ల అక్క, "సార్ రాయించిన నాలుగు అంశాలూ ముందు పెట్టుకుని నీ పోస్టరును నువ్వే ఒకసారి దిద్దు, తర్వాత రాయి" అందట. ఆ ఉత్తరం ఇది:

"గౌరవనీయులైన సైన్సు సార్ గారికి నమస్కారములు. నా డెంగీ పోస్టరుకు 4 మార్కులు వచ్చాయి. మీరు రాయించిన నాలుగు అంశాల ప్రకారం నేనే మళ్లీ చూసుకున్నాను. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, అక్కడ ఒక మార్కు పోయి ఉంటుందని అనుకుంటున్నాను. బొమ్మలో దోమ కాళ్లపై తెల్లని చారలు వేసి పేర్లు రాశాను, అది సరిగానే ఉందని అనుకుంటున్నాను. విషయంలో ఏ వాక్యం తప్పో నాకు తెలియలేదు. దయచేసి ఏ అంశంలో ఎన్ని మార్కులు తగ్గాయో, విషయంలో తప్పున్న వాక్యం ఏదో గుర్తు పెట్టి ఇవ్వగలరు. మార్కు మారకపోయినా ఫర్వాలేదు సార్, పోస్టరు మళ్లీ వేయాలనుకుంటున్నాను. మీకు వీలైన రోజు వచ్చి తీసుకుంటాను. ఇట్లు మీ విద్యార్థిని."

ఈ ఉత్తరం ముందు పోస్టరును బల్లపై పరచక తప్పలేదు. తనకు తెలిసిన లోపం తానే చెప్పింది. సరిగా ఉందనుకున్నది ఏదో చూపింది. తెలియనిది ఎక్కడుందో వేలు పెట్టి అడిగింది. మూడో అంశమే అన్నిటికంటే ముఖ్యం. "ఎందుకు తగ్గింది" అంటే జవాబు ఎటైనా పోవచ్చు. "ఏ వాక్యం తప్పు" అంటే ఆ వాక్యాన్ని చూపించి తీరాలి.

అప్పుడు ఒక్కో అంశంగా దిద్దాను.

విషయంలో రెండు వాక్యాలు తప్పు. ఒకటి, "డెంగీ దోమ మురికి కాలువల్లో పెరుగుతుంది." మురికినీటిలో ఎక్కువగా పెరిగేది క్యూలెక్స్ దోమ. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఇంటి చుట్టుపక్కల నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు దానికి చాలు. రెండోది, "రాత్రి దోమతెర కట్టుకుంటే డెంగీ రాదు." ఈడిస్ దోమ ప్రధానంగా పగలు కుడుతుంది, పొద్దున్నే, సూర్యాస్తమయానికి ముందు మరీ ఎక్కువ. ఈ పోస్టరు చదివి నమ్మినవారు కాలువ వైపు చూస్తూ కూలరును మరచిపోతారు. అందుకే ఇక్కడ 4కి 2.

అక్షరాలు ఒక సెంటీమీటరు కూడా లేవు. సుమారు మూడు మీటర్ల దూరం నుంచి సులువుగా చదవాలంటే అక్షరం రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉండాలన్నది బోర్డులు రాసేవారి లెక్క. మన తెలుగు అక్షరాలకు ఒత్తులు, గుణింతాలు ఉంటాయి కాబట్టి ఇంకాస్త పెద్దవైతే మేలు. శీర్షిక మాత్రం పెద్దగానే ఉంది. 2కి 1.

బొమ్మలో తప్పేమీ లేదు. దోమ కాళ్ల చారలు, నీళ్లు నిలిచిన టైరు, అన్నీ సరిగా ఉన్నాయి. 2కి 2.

ఏం చేయాలో చెప్పే చోట "పరిసరాలను శుభ్రంగా ఉంచుకోండి" అన్న మాట ఎవరికీ ఏ పనీ చెప్పదు. "వారానికోసారి కూలరు నీళ్లు పారబోయండి" అన్నది మంచి వాక్యం. గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది కాబట్టే మన ఊళ్లలో శుక్రవారం డ్రై డే అంటారు. కానీ గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అతుక్కుని, తడి ఆరినా నెలల తరబడి బతికే ఉంటాయి. పారబోసి ఊరుకుంటే చాలదు, లోపల రుద్ది కడగాలి. ఆ మాట లేదు. 2కి 1.

కూడితే ఆరు వచ్చింది. నేను వేసింది నాలుగు.

ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయి? నాలుగు అంశాల్లో ఎక్కడ వెతికినా దొరకలేదు. పోస్టరును దూరంగా పెట్టి చూస్తే తెలిసింది. అది పాత క్యాలెండరు వెనక వైపు నీలం పెన్నుతో, పెన్సిలుతో వేసింది. ఎనిమిది వచ్చిన పోస్టరు రంగు చార్టుపై స్కెచ్ పెన్నులతో, మెరిసే అంచుతో ఉంది. మెరుపుకు మార్కులుంటాయని నేను ఎవరికీ చెప్పలేదు, కానీ వేశాను. ఒక లక్షణం చూసి మొత్తం మనిషినో పనినో అంచనా కట్టేసే ఈ పొరపాటును మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే గుర్తించి వివరించారు. బి.ఎడ్.లో చదివి, పరీక్షలో రాసి, నేనే చేశాను. విడివిడిగా దిద్ది ఉంటే ఆ రెండు మార్కులు పోవడానికి చోటే ఉండేది కాదు.

మార్కును ఆరుకు సవరించాను, ఎందుకు సవరించానో ఆమెతో చెప్పాను. మిగిలిన నాలుగు మార్కులకు కారణాలు రాసిచ్చాను. మొదటి వాక్యం ఇలా రాశాను: "మూడో వరుస చూడు. కాలువ కాదు, నిలిచిన మంచినీరు. నువ్వు వేసిన టైరు బొమ్మే సరైన జవాబు, నీ వాక్యం నీ బొమ్మకు వ్యతిరేకంగా ఉంది." మిగతావీ అలాగే: ఎక్కడ, ఏమిటి, ఏం చేస్తే సరవుతుంది.

విద్యావేత్త సాడ్లర్ 1989లో ఇదే సంగతిని మూడు మెట్లుగా చెప్పారు. మంచి పని ఎలా ఉంటుందో పిల్లవాడికి తెలియాలి, తన పనిని దానితో తానే పోల్చుకోగలగాలి, ఆ తేడాను పూడ్చే పని చేయాలి. రెండో ఉత్తరం రాయడంతోనే ఆ అమ్మాయి రెండు మెట్లు ఎక్కేసింది. మూడోదానికి మాత్రమే నా సాయం కావలసి వచ్చింది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు, మార్కు మాత్రమే అందుకున్నవారిలో ఆ మేలు కనిపించలేదు. మార్కు, వ్యాఖ్య రెండూ కలిపి ఇచ్చినా అంతే. అంకె కనపడగానే కన్ను అక్కడే ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు ముందు వ్యాఖ్యలు రాసి పోస్టరు తిరిగిస్తాను, మార్చుకొచ్చాకే అంకె వేస్తాను.

ఇలాంటి ఉత్తరం రాసిన ప్రతిసారీ మార్కు పెరగదు. చాలాసార్లు ఉన్న మార్కే సరైనదని తేలుతుంది. అప్పుడూ పిల్లవాడికి కారణం చేతికొస్తుంది. మార్కు చూసిన కోపంలో కాక ఒకరోజు ఆగి రాయాలి. పక్కవారి మార్కు ప్రస్తావించకూడదు. తరగతి మధ్యలో నిలబడి అడిగితే ఉపాధ్యాయుడు తన మాట నిలబెట్టుకునే పనిలో పడతాడు, కాగితంపై ఇస్తే తీరిగ్గా పోస్టరు చూస్తాడు. తల్లిదండ్రులు రాయడం కన్నా పిల్లలే రాస్తే మేలు, ఎందుకంటే రాయాలంటే తన పనిని తానే మళ్లీ చూసుకోవాలి.

ఆ అమ్మాయి పోస్టరు మళ్లీ వేసింది, ఈసారీ క్యాలెండరు వెనకే. మూడే వాక్యాలు, పెద్ద అక్షరాలు. మంచినీళ్ల కుళాయి దగ్గర అంటించాం. ఆరో తరగతి పిల్లవాణ్ని ఒకణ్ని మూడు మీటర్ల దూరంలో నిలబెట్టి "ఏం చేయమంటోంది?" అని అడిగాను. "కూలరు నీళ్లు పారబోసి లోపల రుద్దమంటోంది సార్, శుక్రవారం" అన్నాడు.

ఈసారి మీరు బడికి వచ్చినప్పుడు ఎన్ని మార్కులని అడగండి, తప్పు లేదు. ఆ వెంటనే "పోయిన మార్కులు ఎక్కడ పోయాయమ్మా?" అని కూడా అడగండి. పిల్ల జవాబు చెప్పగలిగితే ఆమె తన పని తాను చూసుకున్నదని అర్థం. చెప్పలేకపోతే ఆ ప్రశ్న ఆమెను కాదు, మా ఉపాధ్యాయులను అడగవలసింది.