మామిడి పైలో రసం కారకుండా

ప్రశ్న: మామిడిపండు పై చేస్తే, కోయగానే రసమంతా ప్లేటులోకి కారుతోంది. కార్న్‌ఫ్లోర్, సగ్గుబియ్యం, మైదా... ఏది వేయాలి?
– ఓ గృహిణి, గోదావరిఖని

జవాబు: మీకు కార్న్‌ఫ్లోరే మేలమ్మా. మైదా రెట్టింపు పడుతుంది, రసం మసకబారుతుంది. సగ్గుబియ్యం పొడి మెరుపునిస్తుంది గానీ, రసంలో పావుగంట నాననివ్వకపోతే పంటికి పలుకులు తగులుతాయి.

అర కిలో ముక్కలకు చక్కెర కలిపి అరగంట ఉంచండి. ఊరిన రసాన్ని వంపి, చల్లగా ఉండగానే 2 టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ ఉండల్లేకుండా కలపండి. పొయ్యి మీద తిప్పుతూ ఉంటే బుడగలొచ్చి, మసకగా ఉన్న రసం నిగనిగలాడుతుంది. ఇంకో నిమిషం ఉంచి దించండి. పిండి ఉడక్కపోతే చిక్కబడదు, మరీ మరిగిస్తే మళ్లీ పలచబడుతుంది. ముక్కలు కలిపి, చల్లారాకే నింపండి. బేక్ అయ్యాక 3 గంటలు ఆగి కోయండి.