200 వాట్లు 400 చేస్తే మోత రెట్టింపవుతుందా?

కోటప్పకొండ తిరునాళ్లకు మన ఊరి ప్రభ గట్టిగా మోగాలని 200 వాట్ల యాంప్లిఫయర్ బదులు 400 వాట్లది తెచ్చారనుకుందాం. స్పీకర్ అదే. మోత రెట్టింపవుతుందా? అవ్వదు. 3 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవర్.

డెసిబెల్ చెప్పేది ఒక పవర్ ఇంకోదానికి ఎన్ని రెట్లు అన్నది:

`dB = 10 × log10(P2/P1)`

2 లాగరిథమ్ 0.301. దాన్ని 10తో గుణిస్తే 3.

మరి వోల్టేజీ రెట్టింపైతే 6 ఎందుకు? 8 ఓమ్‌ల స్పీకర్‌కి 40 వోల్టులు ఇస్తే పవర్ 40 × 40 ÷ 8, అంటే 200 వాట్లు. 80 వోల్టులు ఇస్తే? వోల్టేజీ పెరిగితే కరెంటూ అంతే పెరుగుతుంది కాబట్టి 800 వాట్లు! నాలుగు రెట్లు, అంటే రెండుసార్లు రెట్టింపు: 3 + 3 = 6. అందుకే వోల్టేజీతో లెక్కేసేటప్పుడు 10 బదులు 20 వాడతాం. డెసిబెల్స్ రెండు రకాలేం లేవు.

ఒక్క షరతు: రెండుసార్లూ ఓమ్‌లు ఒకటే ఉండాలి. 8 ఓమ్‌ల స్పీకర్ తీసి 4 ఓమ్‌లది పెడితే, వోల్టేజీ మారకపోయినా పవర్ రెట్టింపవుతుంది. అప్పుడు వోల్టేజీ లెక్క 0 అంటుంది, నిజానికి పవర్ పెరిగింది 3 డెసిబెల్స్.

కాబట్టి బాక్స్ మీద వాట్లు చూస్తే నేను ముందు అడిగేది: ఎన్ని ఓమ్‌ల దగ్గర?