సిల్వర్ గాఢతను వర్గం చేశారా?

ప్రశ్న: కాపర్–సిల్వర్ ఘటానికి (Cu²⁺ 0.10 M, Ag⁺ 0.010 M, 25°C) నాకు 0.43 వోల్టులు వచ్చింది. జవాబు 0.37 అంటున్నారు. తప్పెక్కడ?

జవాబు: మీ ప్రమాణ విలువ సరైనదే: 0.80 − 0.34 = 0.46 వోల్టులు. సిల్వర్ చర్యను రెండుతో గుణించినా దాని 0.80ని గుణించకూడదు, పొటెన్షియల్ పదార్థ పరిమాణాన్ని బట్టి మారదు. మీరు గుణించలేదు, మంచిది. తేడా వచ్చింది నెర్న్‌స్ట్ సమీకరణంలోనే.

Cu + 2Ag⁺ → Cu²⁺ + 2Ag

ఒక్కో కాపర్ అయాన్‌కు రెండు సిల్వర్ అయాన్లు ఖర్చవుతాయి కాబట్టి Ag⁺ గాఢతను వర్గం చేయాలి. ఘన లోహాలు Qలోకి రావు.

Q = 0.10 / (0.010)² = 1000
E = 0.46 − (0.0591/2) × log 1000 = 0.37 V

వర్గం మరిచిపోతే Q పదే అవుతుంది, మీ 0.43 అలా వచ్చిందే. ఇకపై Q రాసే ముందు తుల్య సమీకరణాన్ని పక్కనే రాసుకోండి.