ఆఫీసు వేళలు మార్చాలంటే 21 రోజుల ముందు చెప్పాలి

‘సోమవారం నుంచి ఆఫీసు తొమ్మిదిన్నరకు కాదు, ఎనిమిదిన్నరకే’ అని శుక్రవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, అందరికీ తెలియజేశామనుకునే యాజమాన్యాలున్నాయి. ప్రైవేటు ఆఫీసులో గుమస్తా, అకౌంటెంట్ వంటి ఉద్యోగుల విషయంలో అది చాలదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని 40వ సెక్షన్ ప్రకారం, పని గంటలు, విరామ వేళలు మార్చదలచిన యజమాని ఆ మార్పు ఏమిటో దాని ప్రభావం పడే ఉద్యోగులకు ముందే నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక 21 రోజులు గడిచేదాకా అమలు చేయకూడదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9-ఎ సెక్షన్‌లోనూ ఇదే నియమం ఉండేది. మార్చి 2న నోటీసు చేతికందితే కొత్త వేళలు మార్చి 24 కంటే ముందు మొదలు కాకూడదు. నోటీసులో రాసే అమలు తేదీని ఈ లెక్కతో సరిచూసుకోవాలి.

‘మొత్తం ఎనిమిది గంటలే కదా, ఒక గంట ముందుకు జరిపితే నష్టమేమిటి?’ అన్నది యాజమాన్యాల నుంచి తరచూ వినిపించే అభ్యంతరం. చట్టం ‘పని గంటలు పెంచితే’ అనలేదు. టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ వారాంతపు సెలవును ఆదివారం నుంచి వేరే రోజుకు మార్చిన కేసులో, పని రోజుల సంఖ్య మారకపోయినా నోటీసు తప్పనిసరని 1972లో సుప్రీంకోర్టు తేల్చింది. మార్పు తమపై ఎలా పడుతుందో ఆలోచించుకుని, తమ మాట చెప్పుకునే అవకాశం ఉద్యోగులకు ఇవ్వడమే ఆ నోటీసు ఉద్దేశమంది. అది సెలవు రోజు కేసే అయినా, ఆ తర్కం గడియారానికీ వర్తిస్తుందని నా అభిప్రాయం. బడికెళ్లే పిల్లలున్న తల్లికి ఆ ఒక్క గంట చిన్నది కాదు. కారణం, ఎవరిని అడగాలో ఆ వ్యక్తి పేరు, ఫోను నంబరు రాయమని ఆ సెక్షన్ విడిగా చెప్పకపోయినా, అవి లేని నోటీసుతో మాట చెప్పుకునే అవకాశం కాగితం మీదే మిగులుతుంది.

‘అత్యవసరమైతే 21 రోజులు ఎలా ఆగుతాం?’ అన్నదానిలో న్యాయముంది, చట్టమూ దాన్ని గుర్తించింది. అత్యవసర పరిస్థితిలో ఫిర్యాదుల పరిష్కార కమిటీతో సంప్రదించి షిఫ్టు మార్చవచ్చు. ఉద్యోగులతో కుదిరిన ఒప్పందం ప్రకారం జరిగే మార్పుకూ నోటీసు అక్కర్లేదు. మేనేజర్లకు, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లకు, సొంత సర్వీసు నిబంధనలున్న ప్రభుత్వోద్యోగులకు ఈ రక్షణ లేదు. మిగిలినవారు నోటీసు అందిన తేదీ కనిపించేలా ప్రతి దాచుకుని, గడువు లోపలే అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. యాజమాన్యం పట్టించుకోకపోతే కార్మిక శాఖ రాజీ అధికారిని ఆశ్రయించవచ్చు. అక్కడ రాజీ ప్రక్రియ నడుస్తుండగా, వివాదంలో ఉన్న ఆ వేళలను అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చడానికి వీల్లేదు.