పేరుకే పదవి అన్నప్పుడు

అన్నవరం కొండ కింద పుట్టి పెరిగి, కాకినాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్న అమ్మాయి పోయిన ఏడాది నా దగ్గరికొచ్చింది. తను చదివిన హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి కోశాధికారిగా ఉండమన్నారట. అడిగిన ఆయన వరసకి బాబాయి. "పేరుకేనమ్మా, లెక్కలు తెలిసినదానివి, ఏడాదికి నాలుగు సంతకాలు పెడితే సరిపోద్ది" అన్నారట. కాదనలేక "చూద్దాం బాబాయి గారూ" అని వచ్చేసింది. మన వైపు చూద్దాం అంటే ఒప్పుకున్నట్టే. వారం తిరక్కుండా కరపత్రంలో వేయడానికి ఫొటో పంపమన్నారు.

కోశాధికారి పదవి పేరుకే ఉండదు. ఆ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కార్యవర్గం పేర్లు, చిరునామాలతో జాబితా జిల్లా రిజిస్ట్రారుకు వెళ్తుంది. బ్యాంకు ఖాతా నడిపే సంతకాల్లో కోశాధికారిది ఒకటి. అందుకు తీర్మానం నకలు, ఆధార్, పాన్ ఇవ్వాలి. తర్వాత తప్పుకోవాలంటే రాజీనామా రాయాలి, దాన్ని ఆమోదిస్తూ తీర్మానం చేయాలి, బ్యాంకులో సంతకం మార్చాలి. అది మారేదాకా చెక్కు మీద మీ సంతకమే కావాలి. మీరు ఊళ్ళో లేకపోతే టెంటుహౌసు వాడికి ఇవ్వాల్సిన డబ్బు కూడా ఆగిపోతుంది. జాబితా వెళ్ళకముందు ఒక్క మాటతో తేలే పని, వెళ్ళాక నెలలు పడుతుంది.

ఆ అమ్మాయి చేత క్యాలెండరు తీయించాను. ప్రతి నెలా 11, 20 తేదీలకు జీఎస్టీ రిటర్నులు. సెప్టెంబరు 30కి ట్యాక్స్ ఆడిట్ గడువు, అక్టోబరు 31కి ఆ ఖాతాల రిటర్నులు. సంఘానికి పని ఎక్కువయ్యేది కార్తికమాసంలో, కొండకి వచ్చే జనానికి మంచినీళ్ళు, భోజనాలు పెట్టే రోజుల్లో. ఆఫీసు గడువులు ముగిసీ ముగియకముందే అది వచ్చేస్తుంది. ఆమెకు నిజంగా ఖాళీ ఉండేది 20 దాటాక వచ్చే ఆదివారాలు, అవీ అన్నీ కాదు.

పదవి వద్దనడం ఫోనులో మెసేజ్ పెట్టి తేల్చే విషయం కాదు. పెద్దాయన ఇంటికి వెళ్ళి చెప్పాలి, అదే రోజు కార్యదర్శికి కాగితం ఇవ్వాలి. మాట మర్యాద కోసం, కాగితం జాబితా కోసం. ఆమె రాసింది ఇంతే: "నన్ను కోశాధికారిగా అనుకున్నందుకు కృతజ్ఞతలు. ఆఫీసు పని వల్ల ఆ బాధ్యత తీసుకోలేను. దయచేసి కార్యవర్గం జాబితాలో నా పేరు చేర్చవద్దు. మూడు నెలలకోసారి, నెలాఖరు ఆదివారం రెండు గంటలు వచ్చి రసీదులు, ఓచర్లు సరిచూసి ఇస్తాను."

కారణం ఒక్కటే చెప్పింది చూడండి. నాలుగు చెబితే నాలుగింటికీ బాబాయి గారి దగ్గర పరిష్కారం ఉంటుంది. ఒంట్లో బాగోలేదని మాత్రం అనకండి. మర్నాడే ఎవరి వ్రతంలోనో కొండ మీద కనబడతారు. "ఈ ఏడాదికి కుదరదు" అన్నా వచ్చే ఏడాది మళ్ళీ వస్తారు, అప్పుడు కాదనడం ఇంకా కష్టం.

చిన్న సాయానికి కొలత లేకపోతే అదే పదవిగా మారుతుంది. "ఎప్పుడు కావాలన్నా పిలవండి" అంటే రాత్రి పదకొండుకి ఫోను వస్తుంది. తిరుమలలో 2000 నుంచి శ్రీవారి సేవ నడుస్తోంది. సేవకులు ఫలానా రోజులకని వస్తారు, చేసి ఇంటికి వెళ్తారు. తేదీలు పెట్టుకుని చేసే సేవను అక్కడ ఎవరూ తక్కువ చేసి చూడరు.

గీత ఎక్కడ దాటుతున్నారో రెండు గుర్తులు చెబుతాయి. "పోనీ, గౌరవ సలహాదారుగా ఉండు" అనడం మొదటిది. పేరు మళ్ళీ కరపత్రం ఎక్కుతుంది. చందా డబ్బు కాసేపు మీ చేతిలో ఉంచడం, లేదా సంఘం ఖాతాకు మీ ఫోను నంబరు ఇవ్వడం రెండోది. ఆ నంబరు ఇస్తే ఓటీపీలన్నీ మీకే వస్తాయి, లెక్క తేడా వస్తే అడిగేదీ మిమ్మల్నే. ఆమె ఓచర్లు చూసింది, నగదు ముట్టుకోలేదు. బాబాయి గారు నెల రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత ఊళ్ళోనే ఉండే రిటైరైన మాస్టారు ఒకరు కోశాధికారి అయ్యారు.

బ్యాంకు పరీక్షలూ గ్రూప్సూ రాస్తున్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. కేంద్ర ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం ఉంది. దాని ప్రకారం ఏ సంఘంలోనైనా ఎన్నికతో వచ్చే పదవిలో ఉండాలంటే ముందుగా అనుమతి కావాలి. జీతం లేని సామాజిక, ధార్మిక సేవకు, ఉద్యోగ విధులకు అడ్డు రానంతవరకు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. రాష్ట్ర ఉద్యోగులకు, బ్యాంకులకు వేరే నియమాలుంటాయి. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చే కాగితాల్లో ఆ పేజీ ఒకసారి చదవండి.