రీప్లేస్ ఆల్ చేసిన ఘనకార్యం: ‘మీ’ ఎక్కడ, ‘ఐ’ ఎక్కడ?

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ మొదటిసారి గైడ్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు రెండో పేజీలోనే ఎర్ర పెన్ను పడింది. ‘మీ అండ్ మై ఫ్రెండ్ డిజైన్డ్ ది సర్క్యూట్’ అని రాశాను. మేడమ్ ‘మీ’ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘మై ఫ్రెండ్ అండ్ ఐ’ అని రాసి ఇచ్చేశారు. (ఈ వ్యాసంలో కొటేషన్ల మధ్య ఉన్న ‘మీ’ ఇంగ్లిష్‌ది. మన ‘మీ పేరేంటి’లో ‘మీ’ కాదు.)

నేనేం చేశాను? హాస్టల్‌కి వచ్చి, ‘మీ’, ‘మై ఫ్రెండ్’ జంటగా కనబడ్డ ప్రతిచోటా ‘మై ఫ్రెండ్ అండ్ ఐ’ అని రీప్లేస్ ఆల్ కొట్టేశాను. మర్నాడు రిపోర్ట్ తిరిగొస్తే సున్నాలు తగ్గలేదు సరికదా, అంతకుముందు సరిగ్గా ఉన్న వాక్యాలకి కూడా కొత్తగా వచ్చాయి. రివ్యూకి రెండు రోజులే ఉంది. స్పైరల్ బైండింగ్‌కి ఇచ్చే ముందు అసలు ఈ ‘ఐ’, ‘మీ’ల సంగతేంటో తేల్చుకోక తప్పలేదు.

నేను చేసిన పొరపాటు ఇది. ‘మీ అండ్ మై ఫ్రెండ్’ అనే మాటే తప్పు, ‘మై ఫ్రెండ్ అండ్ ఐ’ అనే మాటే ఒప్పు అనుకున్నాను. నిజానికి ఆ జంట వాక్యంలో ఏ పని చేస్తోందన్నదే లెక్క. పని చేసేవాళ్ళ స్థానంలో, అంటే కర్తగా ఉంటే ‘ఐ’. పని ఎవరి మీద పడుతోందో ఆ స్థానంలో ఉన్నా, ‘విత్’, ‘ఫర్’, ‘బిట్వీన్’ లాంటి మాటల తర్వాత వచ్చినా ‘మీ’. పక్కన ఫ్రెండ్ వచ్చి కూర్చున్నంత మాత్రాన ఈ లెక్క మారదు.

అందుకే చెక్ చేయడానికి మొదటి పద్ధతి: ఫ్రెండ్‌ని కాసేపు బయటికి పంపించి, మిగిలిన వాక్యాన్ని చదవడం. ‘మీ డిజైన్డ్ ది సర్క్యూట్’ అని ఎవరూ అనరు, ‘ఐ డిజైన్డ్’ అంటారు. కాబట్టి అక్కడ మేడమ్ దిద్దింది కరెక్ట్. రీప్లేస్ ఆల్ తర్వాత నా అక్నాలెడ్జ్‌మెంట్‌లో ‘అవర్ గైడ్ హెల్ప్‌డ్ మై ఫ్రెండ్ అండ్ ఐ’ అని తయారైంది. ఫ్రెండ్‌ని తీసేస్తే ‘అవర్ గైడ్ హెల్ప్‌డ్ ఐ’ మిగులుతుంది. చెవికే తెలిసిపోతుంది. అక్కడ ఉండాల్సింది ‘మై ఫ్రెండ్ అండ్ మీ’.

ఈ పద్ధతి ఒకచోట పనిచేయదు. ‘ది వర్క్ వాజ్ డివైడెడ్ బిట్వీన్ మై ఫ్రెండ్ అండ్ ఐ’ అనే వాక్యంలోంచి ఫ్రెండ్‌ని తీసేస్తే ‘బిట్వీన్’కి అర్థమే ఉండదు. మధ్య అనడానికి ఇద్దరుండాలి కదా. అప్పుడు ఒకర్ని తీసేయకుండా జంట మొత్తాన్నీ ఒక్క మాటతో మార్చాలి. అక్కడ ‘వుయ్’ సరిపోతే లోపల ‘ఐ’ ఉండాలి, ‘అస్’ సరిపోతే ‘మీ’ ఉండాలి. ‘బిట్వీన్ వుయ్’ అనం, ‘బిట్వీన్ అస్’ అంటాం. కాబట్టి ‘బిట్వీన్ మై ఫ్రెండ్ అండ్ మీ’. ‘ఆర్’, ‘వర్’ లాంటి బహువచన క్రియలున్న వాక్యాలకి కూడా ఇదే సులువు. ఫ్రెండ్‌ని తీసేస్తే అక్కడ క్రియని కూడా మార్చాల్సి వస్తుంది, ‘వుయ్’ పెడితే ఆ గొడవ ఉండదు.

ఇంతవరకూ వచ్చాక నాకో అనుమానం వచ్చింది. తెలుగులో మనం ఈ తప్పు ఎందుకు చెయ్యం? ‘నన్నూ మా ఫ్రెండూ సినిమాకి వెళ్ళాం’ అని చిన్న పిల్లాడు కూడా అనడు. కారణం, తెలుగులో జంటలో ప్రతి మాటకీ విడివిడిగా విభక్తి తగిలిస్తాం. ‘నేనూ మా ఫ్రెండూ వెళ్ళాం’, ‘మేడమ్ నన్నూ మా ఫ్రెండునీ పిలిచారు’, ‘నాతోనూ మా ఫ్రెండుతోనూ మాట్లాడారు’. ఇంగ్లిష్‌లో ‘ఫ్రెండ్’ కర్త అయినా కర్మ అయినా ‘ఫ్రెండ్’గానే ఉంటుంది. రూపం మారేది మన సర్వనామం ఒక్కటే. దాన్ని ‘అండ్’ పక్కన దాచేసరికి చెవి పట్టుకోలేదు.

మరి తెలుగులోకి మార్చి చూసుకుంటే సరిపోతుందా? చాలావరకు సరిపోతుంది. ‘నేను’ వస్తే ‘ఐ’, ‘నన్ను’, ‘నాతో’ వస్తే ‘మీ’. కానీ ‘నాకు’ దగ్గర జాగ్రత్త. ‘మేడమ్ నాకూ మా ఫ్రెండుకీ డేటాషీట్ ఇచ్చారు’ అన్నప్పుడు అది ‘మీ’నే. ‘నాకూ మా ఫ్రెండుకీ ఆ ఎర్రర్ అర్థం కాలేదు’ అన్నప్పుడు మాత్రం ఇంగ్లిష్‌లో ‘మై ఫ్రెండ్ అండ్ ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్ ది ఎర్రర్’ అవుతుంది. తెలియడం, కావాలనిపించడం, జ్వరం రావడం లాంటివి తెలుగులో ‘నాకు’ జరుగుతాయి, ఇంగ్లిష్‌లో ‘ఐ’ చేస్తుంది. కాబట్టి ‘నాకు’ కనబడితే తెలుగుని పక్కనపెట్టి, ఫ్రెండ్‌ని బయటికి పంపే పద్ధతికే వెళ్ళండి.

‘ఐ’నా ‘మీ’నా తేలక మనవాళ్ళు పట్టుకునే మూడో దారి ‘మైసెల్ఫ్’. నా రిపోర్ట్‌లో అదీ ఉంది: ‘మైసెల్ఫ్ అండ్ మై ఫ్రెండ్ టెస్టెడ్ ది మాడ్యూల్’. ఫ్రెండ్‌ని తీసేస్తే ‘మైసెల్ఫ్ టెస్టెడ్’ మిగులుతుంది, అదీ నిలబడదు. ‘ఐ’ అప్పటికే వాక్యంలో ఉండి, పని తిరిగి తన మీదే పడినప్పుడు, లేదా ‘నేనే స్వయంగా’ అని నొక్కి చెప్పేటప్పుడు ‘మైసెల్ఫ్’ వస్తుంది. ‘ఐ’కి బదులు కూర్చోదు.

రెండోసారి దిద్దేటప్పుడు రీప్లేస్ ఆల్ జోలికి పోలేదు. రిపోర్ట్‌ని టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసి, లైనక్స్‌లో ఇది కొట్టాను:

```
grep -niE "\b(me and|and me|and i|myself and|and myself)\b" report.txt
```

ఇది అనుమానించాల్సిన వాక్యాల్ని లైన్ నంబర్లతో చూపిస్తుంది, అంతే. తీర్పు మనమే ఇవ్వాలి. ఉదాహరణకి ‘హి రోట్ ది కోడ్ అండ్ ఐ టెస్టెడ్ ఇట్’ కూడా వచ్చేస్తుంది. అక్కడ ‘అండ్’ ఇద్దరు మనుషుల్ని కాదు, రెండు వాక్యాల్ని కలుపుతోంది. దాన్ని వదిలేయాలి. జంట ఒక లైన్ చివర మొదలై తర్వాతి లైన్‌లో పూర్తయితే ఈ కమాండ్‌కి దొరకదు కాబట్టి, చివర్లో ఒకసారి కళ్ళతో చదవాలి.

రెండు చిన్న సంగతులు. ‘ఐ’ని చివర పెట్టడం మర్యాద కోసం. ‘ఐ అండ్ మై ఫ్రెండ్ వెంట్’ వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, ‘ఐ’ రూపం మాత్రం సరైనదే. రెండోది, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా కబుర్లలో ‘మీ అండ్ మై ఫ్రెండ్ వెంట్’ అని ధారాళంగా అంటారు. క్యాంటీన్‌లో ఎవరైనా అలా అంటే దిద్దక్కర్లేదు. రిపోర్ట్, రెజ్యుమె, హెచ్‌ఆర్‌కి రాసే మెయిల్ మాత్రం క్యాంటీన్ కాదు.

మూడోసారి మేడమ్ రిపోర్ట్ తిరగేసి, ఎర్ర పెన్ను మూత పెట్టి, నీలం పెన్నుతో సంతకం చేశారు. ‘గైడ్ హెల్ప్‌డ్ మై ఫ్రెండ్ అండ్ మీ’ అన్న లైన్ దగ్గర మాత్రం ఆగి, “ఇది నువ్వే మార్చావా, మీ ఫ్రెండా?” అని అడిగారు. “నేనూ మా ఫ్రెండూ కలిసి మార్చాం మేడమ్” అన్నాను. తెలుగులో కాబట్టి తడుముకోలేదు.