సొల్యూషన్ చూడండి, దించేయకండి

సుచిత్ర దాటి కొంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్ వెళ్లే కాలేజీ బస్సుల్లో ఉదయం పూట ఒక దృశ్యం మామూలే. ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద అసైన్‌మెంట్ షీట్లు, పక్కవాడి చేతిలో ఫోను, ఫోనులో క్లాసు గ్రూపులోకి రాత్రి వచ్చిన సొల్యూషన్ పీడీఎఫ్. గతుకు వచ్చినప్పుడు పెన్ను ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. కాలేజీ గేటు వచ్చేలోపు అయిదు లెక్కలూ అయిపోతాయి.

ఆ పీడీఎఫ్ మంచిదే. పూర్తిగా చేసి చూపించిన లెక్క కొత్త చాప్టరు నేర్చుకోవడానికి బాగా పనికొచ్చే సాధనం. దాన్ని చదవాల్సిన చోట దించేస్తున్నారు, నష్టమంతా అక్కడే. జేఎన్‌టీయూహెచ్ ఆర్22 నిబంధనల్లో అసైన్‌మెంటుకు 5 మార్కులు, సెమిస్టర్ చివరి పరీక్షకు 60. దించితే వచ్చేవి ఆ అయిదే. అదే సొల్యూషన్‌ని చదవాల్సిన పద్ధతిలో చదివితే అరవైకి సిద్ధమైనట్టు. ఆ పద్ధతేమిటో ఒకే ఒక్క లెక్కతో చూద్దాం.

ఆరు లైన్ల లెక్క

ఇంజినీరింగ్ మొదటి ఏడాది గణితంలో న్యూటన్ శీతలీకరణ నియమం మీద లెక్క తప్పకుండా ఉంటుంది. ఒక వస్తువు 20 నిమిషాల్లో 80 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చల్లారింది. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. మొదటి నుంచి 40 నిమిషాలు గడిచేసరికి ఎంత ఉంటుంది? పీడీఎఫ్‌లో సొల్యూషన్ ఇలా ఉంటుంది.

```
dT/dt = −k(T − 40)
log(T − 40) = −kt + c
T − 40 = C e^(−kt)
t = 0,  T = 80  ⇒  C = 40
t = 20, T = 60  ⇒  e^(−20k) = 1/2
t = 40  ⇒  T = 40 + 40 × (1/2)² = 50
```

దించడానికి రెండు నిమిషాలు చాలు. చదవడానికి మాత్రం అరగంట పెట్టండి. ఆ అరగంటలో చేయాల్సినవి నాలుగు పనులు.

ఒకటి: ముందు మీ అంచనా రాయండి

సొల్యూషన్ తెరవకముందే ప్రశ్న చదివి, జవాబు ఎంత ఉండొచ్చో కాగితం మీద రాయండి. చాలామంది 40 అని రాస్తారు. 20 నిమిషాల్లో 20 డిగ్రీలు తగ్గింది కాబట్టి ఇంకో 20 నిమిషాల్లో ఇంకో 20 తగ్గుతుందని లెక్క వేస్తారు. సొల్యూషన్‌లో ఉన్నది 50. మీ అంచనాకూ అసలు జవాబుకూ ఉన్న ఈ తేడాయే మీరు నేర్చుకోవాల్సిన పాఠం. వస్తువు చల్లారే వేగం అది గదికన్నా ఎంత ఎక్కువ వేడిగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదట 40 డిగ్రీలు ఎక్కువ ఉంది. 20 నిమిషాలకు ఆ ఎక్కువ సగమై 20 అయింది. మరో 20 నిమిషాలకు మళ్లీ సగమై 10 అయింది. గది 40, దాని మీద 10, మొత్తం 50. అంచనా రాయకుండా నేరుగా సొల్యూషన్ చదివినవాడికి 50 అనేది ఒక అంకె మాత్రమే. అక్కడ తన ఆలోచన తప్పిందన్న సంగతే వాడికి తెలియదు.

రెండు: లైను లైనుకీ ‘ఎందుకు’ అని అడగండి

కింది లైన్లన్నీ ఒక కాగితంతో మూసేయండి. ఒక్కో లైనూ తెరిచేముందు తర్వాత ఏం వస్తుందో మీరే చెప్పండి. తెరిచాక, అది ఎందుకు వచ్చిందో పక్కన మీ మాటల్లో ఒక వాక్యం రాయండి. మొదటి లైనులో మైనస్ ఎందుకు? వస్తువు గదికన్నా వేడిగా ఉన్నంతసేపూ T − 40 ధనాత్మకమే. కానీ ఉష్ణోగ్రత తగ్గుతోంది కాబట్టి మార్పు రేటు రుణాత్మకం కావాలి. ఆ పని మైనస్ చేస్తుంది.

రెండో లైను నుంచి మూడో లైనుకు వచ్చేసరికి చిన్న c పెద్ద C అయింది. ఎలా? ఇక్కడ సొల్యూషన్ ఒక మెట్టు దాటేసింది. లాగ్ తీసేస్తే కుడివైపు e^(−kt + c) వస్తుంది. దాన్ని విడదీస్తే e^c × e^(−kt). e^c కూడా ఒక స్థిరాంకమే కాబట్టి దానికి C అని పేరు పెట్టారు. దించేవాళ్లు ఈ ఖాళీని చూడకుండా దాటేస్తారు. పరీక్షలో సొంతంగా చేయాల్సి వచ్చినప్పుడు C బదులు ‘+ c’ అని చివర తగిలించి, T − 40 = e^(−kt) + c అని రాస్తారు. లెక్క అక్కడే తప్పుతుంది.

ఈ పక్కన రాసే వాక్యాలకు ఎంత బలముందో 1989లో మిషెలిన్ చీ, ఆమె సహచరులు ఒక అధ్యయనంలో చూపించారు. భౌతికశాస్త్రంలో బలాల మీద చేసి చూపించిన లెక్కలను విద్యార్థులకు ఇచ్చి, చదువుతూ మనసులో మాట పైకి చెప్పమన్నారు. తర్వాత లెక్కలు బాగా చేసినవాళ్లు చదివేటప్పుడు ప్రతి మెట్టుకూ కారణం చెప్పుకున్నవాళ్లే. ఇక్కడ నాకు అర్థం కాలేదని ఎక్కువసార్లు గుర్తించింది కూడా వాళ్లే. వెనకబడ్డవాళ్లు చదువుతున్నంతసేపూ అర్థమైందనే అనుకున్నారు. కాబట్టి మీ షీటు పక్కన ఒక్క ప్రశ్నార్థకం కూడా లేకపోతే అంతా అర్థమైందని సంబరపడకండి. మళ్లీ మొదటి లైను నుంచి చూడండి.

మూడు: అంకె మార్చండి

ఈ సొల్యూషన్‌లో ఒక ఉచ్చు ఉంది. 40 అనే అంకె మూడు చోట్ల మూడు అర్థాలతో ఉంది. ఒకటి గది ఉష్ణోగ్రత. రెండోది మొదట్లో గదికన్నా ఎక్కువ ఉన్న వేడి, అంటే 80 − 40. మూడోది అడిగిన సమయం. చివరి లైనులో 40 + 40 అని ఉన్నచోట ఏ 40 ఏదో దించినవాడికి తెలిసే అవకాశం లేదు.

అందుకే గది ఉష్ణోగ్రత 30కి మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి మళ్లీ చేయండి. ఇప్పుడు మొదటి ఎక్కువ 50. 20 నిమిషాలకు 60 డిగ్రీలు కాబట్టి మిగిలిన ఎక్కువ 30. అంటే 20 నిమిషాల్లో ఎక్కువ 3/5 వంతైంది. ఇంకో 20 నిమిషాలకు 30లో 3/5 వంతు, 18. జవాబు 30 + 18, అంటే 48. అర్థం కానివాడు 30 + 30 అనో, 40 + 30 అనో మొదలుపెడతాడు. అలవాటు కొద్దీ 1/2 అని రాసేవాళ్లూ ఉంటారు. ఒక్క అంకె మారిస్తే చాలు, మీకు పట్టుబడింది లెక్కా, లెక్క రూపమా అన్నది తేలిపోతుంది.

తర్వాత ప్రశ్ననే తిప్పండి. పాత లెక్కలో 45 డిగ్రీలకు ఎప్పుడు వస్తుంది? ఎక్కువ 5, అంటే 40లో ఎనిమిదో వంతు, మూడుసార్లు సగమైనట్టు. కాబట్టి 60 నిమిషాలు. మరి సరిగ్గా 40కి ఎప్పుడు వస్తుంది? ఈ సమీకరణం ప్రకారం ఎప్పటికీ రాదు, దగ్గరవుతూనే ఉంటుంది. ఈ రెండూ చెప్పగలిగితే లెక్క మీదైనట్టే.

నాలుగు: వెనక నుంచి చెరపండి

చదివిన వెంటనే ఖాళీ కాగితం మీద మొత్తం చేయబోతే చాలామంది మధ్యలో ఆగిపోయి మళ్లీ పీడీఎఫ్ తెరుస్తారు. దానికన్నా మెట్టు మెట్టుగా వెళ్లడం మేలు. మొదట చివరి లైను ఒక్కటీ మూసి, అది మీరు పూర్తి చేయండి. తర్వాతి లెక్కలో చివరి రెండు లైన్లు. ఆ తర్వాత ప్రశ్న ఒక్కటే మిగలాలి. దీనికి ఒక రాత్రి విరామం ఇవ్వండి. వెంటనే చేస్తే కళ్లకు గుర్తున్నది చేతికి వస్తుంది. మర్నాడు చేస్తే అర్థమైంది మాత్రమే వస్తుంది.

చేశాక సరిచూసుకునే పద్ధతి లెక్కలోనే ఉంది. మీ సమీకరణంలో t = 0 పెడితే 80 రావాలి, t = 20 పెడితే 60 రావాలి. రాకపోతే జవాబు పక్కవాడితో కలిసినా తప్పే. క్లాసు గ్రూపుల్లో తిరిగే సొల్యూషన్లలో పొరపాట్లు ఉండటం అరుదేమీ కాదు. ఒకే తప్పు ఒకే లైనులో ఇన్ని షీట్లలో కనబడితే లెక్చరరుకు విషయం అర్థం కావడానికి క్షణం పట్టదు.

ఎప్పుడు ఆపాలి?

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ స్వెల్లర్, గ్రహమ్ కూపర్ 1985లో ప్రచురించిన బీజగణిత ప్రయోగాల్లో, చేసి చూపించిన లెక్కలు చదివినవాళ్లు అన్నీ సొంతంగా కుస్తీ పట్టినవాళ్లకన్నా తక్కువ సమయంలో నేర్చుకున్నారు. అలాంటి లెక్కలే ఇస్తే వేగంగా, తక్కువ తప్పులతో చేశారు. లెక్క రూపం మారినప్పుడు మాత్రం ఆ ఆధిక్యం అంతగా కనబడలేదు. అందుకే మూడో పని, అంకె మార్చడం, వదిలేయకూడదు. ఇంకో హద్దు కూడా ఉంది. ఒక రకం లెక్క మీకు సొంతంగా వచ్చేశాక దాని సొల్యూషన్లు చదువుతూ కూర్చుంటే మేలు తగ్గిపోతుంది. అక్కడి నుంచి సొల్యూషన్ మూసి లెక్కలు చేయడమే చదువు.

శామీర్‌పేట్ దగ్గర జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో ఓపెన్ బుక్ పరీక్షలు కూడా పెడతారు. పుస్తకం ఎదురుగానే ఉంటుంది. అయినా అవి తేలికైన పరీక్షలు కావు, ఎందుకంటే అడిగేది పుస్తకంలో ఉన్న లెక్క కాదు, దాన్ని మార్చిన లెక్క. మీ కాలేజీలో ఆ పద్ధతి లేకపోయినా, ఇంట్లో మీకు మీరే అలాంటి పరీక్ష పెట్టుకోవచ్చు.

రేపే అసైన్‌మెంట్ ఇవ్వాలంటే?

రాత్రి పది దాటింది, అయిదు లెక్కలున్నాయి, అరగంట చొప్పున పెట్టే తీరిక లేదు. అప్పుడు కూడా దించకండి. ఒక్క లెక్కను పై పద్ధతిలో చదవండి. పీడీఎఫ్ మూసి, మీ చేత్తో రాయండి. మిగతావాటిలో వచ్చినంతవరకు చేసి, ఆగినచోట ‘మూడో లైనులో C ఎలా వచ్చిందో అర్థం కాలేదు’ అని ఉన్నదున్నట్టు రాసి ఇవ్వండి. ఒకటో రెండో మార్కులు పోవచ్చు. కానీ ఆ వాక్యం చూసిన లెక్చరరుకు మీకేం చెప్పాలో తెలుస్తుంది. దించిన షీటు చూసి ఆయన చెప్పగలిగేది ఏమీ లేదు.

ఇప్పుడు మీ వంతు. 90 డిగ్రీల నీళ్లు 26 డిగ్రీల గదిలో 10 నిమిషాలకు 74 డిగ్రీలకు వచ్చాయి. మొదటి నుంచి 30 నిమిషాలకు ఎంతకు వస్తాయి? పైకి చూడకుండా చేయండి. 53 వస్తే ఈ లెక్క మీకు వచ్చినట్టే. రాకపోతే ఏ లైను దగ్గర దారి తప్పారో గుర్తుపట్టి, ఆ ఒక్క లైనుకు ‘ఎందుకు’ రాసి, రేపు మళ్లీ చేయండి.